గేటు మూసే వేళ

ఉద్యోగినుల వసతి గృహాల పథకం కేంద్ర ప్రభుత్వానికి కొత్తది కాదు. 1972-73లో ఆరంభమైన ఆ పథకం 2022 నుండి ‘సఖి నివాస్’ అనే పేరుతో నడుస్తున్నది. పరిశ్రమల సహకారంతో మరికొన్ని వసతి గృహాలు నెలకొల్పుతామని 2024 జులై బడ్జెట్ ప్రసంగంలో ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ ప్రకటించారు. అయినా ఉద్యోగార్థం రాజధానికి వచ్చే ఆడపిల్లలలో ఎందరో దిగేది ప్రైవేటు ఇళ్ల మేడగదులలోనే. ఆ గదులను వారు ఎంచుకునేది నాలుగు పంక్తుల ప్రకటన చదివి.

అటువంటి ప్రకటన ఒకటి ఇంగ్లీషులో వ్రాసిపెట్టమని లక్ష్మీనగర్‌లో నాకు పరిచయమున్న ఒక పంజాబీ గృహిణి అడిగారు. భర్త పోయిన తరువాత పై రెండంతస్తులలోని ఆరు గదుల అద్దెయే ఆమెకు ఆధారం. పాత ప్రకటన నా చేతికిచ్చారు: “మెట్రోకు 5 నిమిషాలు. 24 గంటల భద్రత. పోలీసు వెరిఫికేషన్ అయినది. ఇంటి వాతావరణం.” ఇందులో అబద్ధమున్నదని ఆమె ఎన్నడూ అనుకోలేదు. కాని అది చదివి చేరిన ముగ్గురు రెండేసి నెలలలో ఖాళీ చేసి, అడ్వాన్సు కోసం తగవుపడి వెళ్లారు.

గుంటూరులోని నా మిత్రుని కుమార్తె అప్పుడే కన్నాట్ ప్లేసులో ఉద్యోగంలో చేరి గది వెదుకుతున్నది. ఆమెను వెంటబెట్టుకొని ఒకనాటి రాత్రి 9 గంటలకు ఆఫీసు మెట్ల వద్దనుండి బయలుదేరాను. రాజీవ్ చౌక్ స్టేషనుకు నడకకూ, లోపల తనిఖీ క్యూకూ 12 నిమిషాలు పట్టినవి. బండికోసం 4, ప్రయాణానికి సుమారు 15. లక్ష్మీనగర్‌లో మెట్లు దిగి వీధిలోకి వచ్చేసరికి 9-35. అక్కడినుండి ఇంటికి 13 నిమిషాలు. నా వయస్సు నిమిత్తం రెండు తగ్గించుకున్నా అయిదు కాజాలదు. ఆ అయిదు నిమిషాలు ఆమె కుమారుని స్కూటరువని తరువాత తెలిసింది. ఇ-రిక్షాలు పెద్ద రోడ్డు మీదనే ఆగిపోయినవి. చివరి రెండు వందల గజాలు, దుకాణాలు మూసిన సందులో ఒకే ఒక దీపం. పగలు చూచి వెళ్లినవారికి ఆ సందు తెలిసే అవకాశం లేదు.

ఇంటి గేటు 9-30కే మూస్తారు. ఆలస్యమయ్యేవారు ముందురోజే వ్రాతపూర్వకంగా అనుమతి పొందాలి. ఈ నిబంధన ప్రకటనలో లేదు. అడ్వాన్సు కట్టిన తరువాత ఇచ్చే కాగితంలో ఉన్నది. “బాబాయిగారూ, రేపు పని ఎప్పుడు తెములుతుందో నాకు ఇవాళ ఎలా తెలుస్తుంది?” అన్నది ఆ అమ్మాయి. స్త్రీల అంగీకారంతో దుకాణాలలో, వాణిజ్య సంస్థలలో వారికి రాత్రి షిఫ్టులు ఇవ్వవచ్చునని ఢిల్లీ ప్రభుత్వం 2025లో అనుమతించింది. అద్దె ఇళ్ల గేట్లకు ఆ సంగతి ఇంకా చేరలేదు.

ఇక భద్రత. కాపలాదారు వచ్చేది రాత్రి పదింటికి, వెళ్లేది ఉదయం ఆరింటికి. పోలీసు వెరిఫికేషన్ జరిగినది అద్దెకు వచ్చిన అమ్మాయిలకే గాని, వంటమనిషికీ కాపలాదారుకూ కాదు! నన్ను ఎక్కువ కలవరపెట్టినది మెట్ల మీది ఇనుప జాలీ తలుపు. రాత్రి దానికి తాళం పడుతుంది. తాళంచెవి క్రింద ఇంటావిడ తలగడ దగ్గర ఉంటుంది. పైకి మెట్లదారి ఒక్కటే, ఆ మెట్ల క్రిందనే కరెంటు మీటర్లు. 2023 సెప్టెంబరులో ముఖర్జీనగర్‌లోని ఒక స్త్రీల వసతి గృహంలో మెట్ల దగ్గరి మీటరు బోర్డునుండే మంటలు లేచినవి. దాదాపు 35 మందిని కాపాడి బయటకు తేవలసి వచ్చినది. ఆ సంగతి చెప్పగా ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ఆ వారంలోనే లోపలినుండి తాళంచెవి లేకుండా తీయగల గడియ పెట్టించారు. మీటర్లు మార్చడం మాత్రం వెంటనే తేలే పని కాదు.

“మీటర్ల మాట కూడా వ్రాస్తే ఎవరు వస్తారు, భాయీసాబ్?” అన్నారు. వచ్చినవారు ఉంటారన్నాను. గేటు విషయమై చాలాసేపు వాదించుకున్నాము. మగవారు, తండ్రి అయినా సరే, పైకి రాకూడదన్నారు. వంటింట్లో మాంసమే కాదు, గ్రుడ్డు కూడా పనికిరాదన్నారు. ఇల్లు ఆమెది, నియమాలు మార్చమని నేననలేదు, ముందే చెప్పమన్నాను. చివరకు కుదిరిన ప్రకటన ఇది:

“లక్ష్మీనగర్ మెట్రో నుండి నడకన 11-13 నిమిషాలు, చివరి సందులో వెలుతురు తక్కువ, రాత్రి రిక్షా సందులోకి రాకపోవచ్చు. గేటు 10-30కు మూస్తాము. ఫోను చేస్తే 11-30 వరకు తీస్తాము, జరిమానా లేదు. ఆపైన నెలకు ముందుగా చెప్పిన రాత్రులు మాత్రమే. కాపలా రాత్రి 10 నుండి 6 వరకు. కెమెరా గేటు వద్ద మాత్రమే. మెట్లదారి ఒక్కటే, మీటర్లు దాని క్రింద. జాలీ తలుపు లోపలినుండి తెరుచుకుంటుంది. మగ అతిథులు క్రింది గదివరకే. మాంసం, గ్రుడ్లు వండరాదు. ఖాళీ చేయడానికి నెల ముందు చెబితే అడ్వాన్సు పూర్తిగా వాపసు.”

అడగడానికి వచ్చినవారు మునుపటికంటే తగ్గారు. రాత్రి షిఫ్టు చేసే ఒక నర్సు చదివి, ఫోనులోనే వద్దన్నది. ఇరుపక్షాలకూ ఒక తగవు తప్పింది. నా మిత్రుని కుమార్తె మాత్రం మూడవ అంతస్తు గది తీసుకున్నది. గ్రుడ్డు ఆఫీసు క్యాంటీనులో తింటానన్నది.