వార్డులో చేరిన రోగికి పోషకాహార లోప స్క్రీనింగ్

సాధనం ఎంపిక

వార్డులో చేరిన ప్రతి వయోజన రోగినీ మొదటి 24 గంటల్లో స్క్రీనింగ్ చేయడం మంచి పద్ధతి. స్క్రీనింగ్ వ్యాధి నిర్ధారణ కాదు. ఎవరిని డైటీషియన్ వివరంగా పరిశీలించాలో అది తేలుస్తుంది. కాబట్టి సాధనాన్ని ఎంచుకునే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. దీన్ని ఎవరు చేస్తారు? వారి చేతిలో ఏ పరికరాలున్నాయి?

తూకం యంత్రం లేని వార్డుకు ఎం.ఎస్.టి. అనుకూలం. అందులో రెండే ప్రశ్నలుంటాయి: ప్రయత్నించకుండానే బరువు తగ్గారా, ఆకలి మందగించి తిండి తగ్గిందా? ఎన్.ఆర్.ఎస్.-2002 వ్యాధి తీవ్రతను, 70 ఏళ్లు, ఆపై వయస్సును కూడా లెక్కలోకి తీసుకుంటుంది. అందువల్ల దాన్ని నింపేవారికి వ్యాధి తీవ్రతను అంచనా వేయడం తెలిసి ఉండాలి. బరువు, ఎత్తు కొలవగలిగిన వార్డులో నర్సులు చేయడానికి మస్ట్ సులువు. దీన్ని బ్రిటన్‌లోని బాపెన్ సంస్థ 2003లో వెలువరించింది.

మస్ట్‌లో మార్కులు వేసే విధానం

మొదటి మెట్టు బీఎంఐ. కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించాలి. ఫలితం 20 దాటితే 0, 18.5 నుంచి 20 వరకు ఉంటే 1, 18.5 కంటే తక్కువైతే 2 మార్కులు.

రెండో మెట్టు గత మూడు నుంచి ఆరు నెలల్లో అనుకోకుండా తగ్గిన బరువు. తగ్గుదల 5 శాతం లోపు ఉంటే 0, 5 నుంచి 10 శాతం అయితే 1, 10 శాతం మించితే 2.

మూడో మెట్టులో రోగి తీవ్రంగా జబ్బుపడి ఉండి, ఐదు రోజులకు మించి ఆహారమేమీ తీసుకోకపోయినా, ఇకపై తీసుకోలేకపోయే అవకాశం ఉన్నా 2 మార్కులు వేస్తారు. జ్వరంతో తిండి కాస్త తగ్గిన ప్రతి రోగికీ ఈ మార్కులు వేయడం తరచుగా జరిగే పొరపాటు. తీవ్రమైన జబ్బు, ఆహారం అందకపోవడం రెండూ కలిసి ఉన్నప్పుడే అవి వర్తిస్తాయి.

మూడింటి మొత్తం 0 అయితే ముప్పు తక్కువ. వారానికోసారి మళ్లీ స్క్రీనింగ్ చేయాలి. 1 అయితే ముప్పు మధ్యస్థం. మూడు రోజులపాటు రోగి ఏమి తిన్నదీ నమోదు చేయాలి. 2 లేదా అంతకు మించితే ముప్పు ఎక్కువ, డైటీషియన్‌కు పంపాలి.

ఉదాహరణ

58 ఏళ్ల ఒక మహిళ కడుపునొప్పితో వార్డులో చేరారనుకుందాం. ఎత్తు 150 సెం.మీ., బరువు 54 కిలోలు. 54ను 2.25తో భాగిస్తే బీఎంఐ 24. చూడటానికి కాస్త బొద్దుగానే ఉన్నారు. మొదటి మెట్టులో 0 మార్కులు. ఇక్కడితో ఆగిపోతే ఆమెను సురక్షితురాలిగా భావించి వదిలేస్తాం.

కానీ నాలుగు నెలల క్రితం ఓపీ చీటీలో 61 కిలోలని ఉంది. తగ్గింది 7 కిలోలు. 7ను 61తో భాగిస్తే సుమారు 11.5 శాతం, అంటే 2 మార్కులు. ఆమె కొద్దికొద్దిగా తింటున్నారు, కాబట్టి మూడో మెట్టులో 0. మొత్తం 2, ముప్పు ఎక్కువ. తగ్గిన బరువును ఎప్పుడూ పాత బరువుతోనే భాగించాలి, ఇప్పటి బరువుతో కాదు.

కొలతలు దొరకనప్పుడు

పాత చీటీ లేకపోతే రోగి చెప్పిన బరువు నమ్మదగినదిగా ఉంటే వాడవచ్చు. అదీ తెలియకపోతే, గాజులు జారుతున్నాయా, రవిక వదులైందా అని అడగండి. ఇటువంటి గుర్తులతో మార్కులు వేయకూడదు. ముప్పు ఏ స్థాయిలో ఉందో అంచనా వేయడానికి మాత్రమే అవి ఉపయోగపడతాయి. నిలబడలేని రోగికి మోచేతి నుంచి మణికట్టు వరకు అల్నా ఎముక పొడవును కొలిచి, పట్టిక ద్వారా ఎత్తును అంచనా వేస్తారు. భుజానికి, మోచేతికి మధ్యన చేతి చుట్టుకొలత 23.5 సెం.మీ. కంటే తక్కువుంటే, బీఎంఐ 20 కంటే తక్కువ ఉండవచ్చు.

కాళ్లవాపు, పొట్టలో నీరు ఉన్నవారి తూకం మోసం చేస్తుంది. కండ తరిగిపోతున్నా నీటి బరువు దాన్ని కప్పేస్తుంది. మూత్రం ఎక్కువగా పోయే మందులిచ్చాక రెండు రోజుల్లో తగ్గిన బరువు నీరే గాని పోషకాహార లోపం కాదు. ఇటువంటి రోగికి చేతి చుట్టుకొలతను చూడాలి. వాపు ఉందని షీటులో రాయాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఎత్తు 155 సెం.మీ., బరువు 46 కిలోలు, మూడు నెలల క్రితం 50 కిలోలు. రెండు రోజులుగా తక్కువగా తింటున్నారు. మస్ట్ మొత్తం ఎంత?

జవాబు: బీఎంఐ 19.1, 1 మార్కు. తగ్గుదల 8 శాతం, 1 మార్కు. మూడో మెట్టు 0. మొత్తం 2, డైటీషియన్‌కు పంపాలి.