ఫోటోలో తెగిపోయిన పై వరస

పోయిన వేసవిలో పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న ఒక శిష్యురాలు నాకు వాట్సాప్‌లో ఒక ఫోటో, దాంతోపాటు నిమిషంన్నర ఆడియో పంపింది. ఫోటోలో ఉన్నది బీథోవెన్ ‘మూన్‌లైట్ సొనాటా’ మొదటి పేజీ. "సార్, నోట్స్ అన్నీ కరెక్టుగానే కొడుతున్నాను. కానీ యూట్యూబ్‌లో విన్నట్టు రావట్లేదు, ముక్కలు ముక్కలుగా వస్తోంది. ఎక్కడ తప్పు?" అని అడిగింది.

విన్నాను. నోట్స్‌లో తప్పు లేదు. ఫోటో మళ్లీ చూస్తే సంగతి అర్థమైంది. స్టాఫ్ గీతలు బాగా పడాలని ఫోన్ దగ్గరగా పెట్టి తీయడంతో పేజీ పైభాగం తెగిపోయింది. ఆమె అడిగినదానికి జవాబు ఆ తెగిన వరసలోనే ఉంది. "అమ్మా, పేరు దగ్గర నుంచి కింద చివరి గీత దాకా పేజీ మొత్తం పడేలా ఇంకోసారి తియ్యి. కిటికీ పక్కన పెట్టుకో, నీ చెయ్యి నీడ పడకుండా చూసుకో" అన్నాను.

రెండో ఫోటోలో అన్నీ వచ్చాయి. మొదటి స్టాఫ్ మీద ఎడమవైపు లావు అక్షరాల్లో ‘అదాజో సొస్తెనూతో’ అని ఉంది. దాని పక్కన సన్నటి వాలు అక్షరాల్లో ఒక పూర్తి వాక్యం: ‘సి దేవే స్వొనారే తుత్తో క్వెస్తో పెద్జో దెలికాతిస్సిమామెంతే ఎ సెంత్సా సొర్దీనో’. పై స్టాఫుకీ కింది స్టాఫుకీ మధ్య మరో చిన్న మాట: ‘సెంప్రే పియానిస్సిమో ఎ సెంత్సా సొర్దీనో’. కొన్ని ప్రచురణల్లో చివరి మాట ‘సొర్దీని’ అని బహువచనంలో ఉంటుంది. అర్థం మాత్రం అదే.

ఇటాలియన్ తెలుగువాళ్ల నోటికి సులువుగానే పలుకుతుంది. పై వాక్యంలో ప్రతి మాటా అచ్చుతోనే ముగిసింది. మొదటి మాటను మన దగ్గర చాలామంది ఇంగ్లిష్ బాణీలో ‘అడాజియో’ అంటారు. అసలు ఉచ్చారణలో మెత్తని ‘ద’ ఉంది, చివర ‘జో’ ఉంది.

బీథోవెన్ జర్మన్ కదా, ఇటాలియన్‌లో ఎందుకు రాశాడని ఆ అమ్మాయి అడిగింది. ఈ సూచనలను నొటేషన్‌లో రాసే అలవాటు ఇటలీ సంగీతకారుల నుంచి యూరప్ అంతటికీ పాకింది. 1801లో వియన్నాలో కూర్చుని ఈ సొనాటా రాస్తున్న బీథోవెన్‌కు అది వృత్తి భాష. తర్వాతి రోజుల్లో కొన్ని సొనాటాలకు జర్మన్‌లోనే సూచనలు రాశాడు. ‘మూన్‌లైట్’ అన్న పేరు మాత్రం ఆయన పెట్టింది కాదు, లుడ్విగ్ రెల్‌స్టాబ్ అనే రచయిత చేసిన వెన్నెల పోలిక వల్ల ఆయన పోయాక స్థిరపడింది. 1802లో అచ్చయిన మొదటి ప్రతి మీద ఉన్నది ‘సొనాటా క్వాజీ ఊనా ఫాంతాసియా’, అంటే ‘ఇంచుమించు ఒక ఫాంటసీ లాంటి సొనాటా’.

ఇక వాక్యానికి వద్దాం. ‘సి దేవే స్వొనారే’ అంటే వాయించాలి. ‘తుత్తో క్వెస్తో పెద్జో’ అంటే ఈ భాగమంతా. ‘దెలికాతిస్సిమామెంతే’ చూడగానే భయపెట్టే మాట, విడగొడితే తేలిక. ‘దెలికాతో’ అంటే సున్నితమైన. ‘ఇస్సిమో’ చేరితే అతి సున్నితమైన. చివర్న ‘మెంతే’ మన ‘గా’ ప్రత్యయం చేసే పనే చేస్తుంది. మొత్తం కలిపితే ‘అతి సున్నితంగా’. ‘పియానిస్సిమో’ కూడా ఇలాగే పుట్టింది. ‘పియానో’ అంటే మెల్లగా, ‘ఇస్సిమో’ చేరితే చాలా మెల్లగా. స్టాఫుల మధ్య పక్కపక్కనే రెండు వాలు ‘పి’ అక్షరాలు కనిపిస్తే అది దీని పొట్టి రూపం. పేజీ మీద ‘పియానో’ అని ఉంటే వాద్యం పేరేమో అనుకునే పిల్లలున్నారు. నిజానికి వాద్యానికే ఈ మాట వల్ల పేరొచ్చింది. 1700 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో క్రిస్తోఫొరి తయారుచేసిన వాద్యం మెల్లగానూ గట్టిగానూ పలికేది కాబట్టి దాన్ని ‘పియానో, ఫోర్తే’ అన్న రెండు మాటలతో పిలిచారు. కాలక్రమంలో రెండో మాట రాలిపోయింది.

మిగిలింది ‘సెంత్సా సొర్దీనో’. ‘సెంత్సా’ అంటే లేకుండా. ‘సొర్దీనో’ అర్థం నిఘంటువులో చూస్తే ‘మ్యూట్’ అని ఉంటుంది, అంటే శబ్దాన్ని తగ్గించే సాధనం. వయొలిన్ వాళ్లకు ఆ అర్థం సరిపోతుంది, తీగల బ్రిడ్జి మీద తగిలించే చిన్న వస్తువు అది. మా అమ్మాయి కూడా అలాగే చదువుకుని, పియానోకు మ్యూట్ లేదు కదా, ఇది నాకు వర్తించదు అని వదిలేసింది. ఇక్కడ ‘సొర్దీనో’ అంటే పియానో లోపలి డాంపర్లు. మూత ఎత్తి చూస్తే, బాగా పైస్థాయి తీగలకు తప్ప, ప్రతి స్వరం తీగల మీదా ఫెల్ట్ అతికించిన చిన్న దిమ్మె ఆని ఉంటుంది. మెట్టు నొక్కితే ఆ దిమ్మె లేస్తుంది, వదిలితే మళ్లీ పడి తీగను ఆపేస్తుంది. కుడి పెడల్ నొక్కితే దిమ్మెలన్నీ ఒకేసారి లేస్తాయి. కాబట్టి ‘డాంపర్లు లేకుండా’ అంటే ‘కుడి పెడల్ నొక్కి ఉంచి’ అని. ఈ భాగమంతా పెడల్‌తో వాయించమని ఆయన ఒకే పేజీలో రెండుసార్లు చెప్పాడు. ఆమె పెడల్ ముట్టుకోకుండా వాయించింది, ముక్కలు ముక్కలుగా రావడానికి కారణం అదే.

అయితే మాటను యథాతథంగా పాటించినా ఇబ్బందే. అర్థం చెప్పిన మర్నాడు ఆమె పంపిన ఆడియోలో పెడల్ మొదట్లో నొక్కింది, మళ్లీ ఎత్తనే లేదు. బురద నీళ్లలా వినిపించింది. బీథోవెన్ కాలపు వియన్నా పియానోల మోత ఇప్పటి వాటికన్నా చాలా తొందరగా సన్నబడిపోయేది. పాత స్వరం ఆరిపోతూ ఉంటే కొత్తది మీద పడేది కాబట్టి డాంపర్లు ఎత్తే ఉంచినా సహించగలిగేట్టు ఉండేది. ఇప్పటి పియానోలో బలమైన తీగలు ఎక్కువసేపు మోగుతాయి. అందుకే ఇప్పుడు స్వరాల గుంపు మారినప్పుడల్లా పెడల్ మారుస్తాం.

ఎక్కడ మార్చాలో మొదటి మూడు బార్లు చూస్తే తెలుస్తుంది. మొదటి బార్‌లో ఎడమచెయ్యి సి షార్ప్ ఆక్టేవ్ పట్టుకుంటుంది. కుడిచెయ్యి జి షార్ప్, సి షార్ప్, ఇ అనే మూడింటినీ నాలుగుసార్లు వాయిస్తుంది. రెండో బార్‌లో కుడిచెయ్యి అదే, ఎడమచెయ్యి మాత్రం బి కి దిగుతుంది. బాస్ మారింది కాబట్టి పెడల్ మార్చాలి, మరిచిపోయినా చెవికి మరీ కష్టంగా ఉండదు. అసలు పరీక్ష మూడో బార్. అందులో మొదటి సగం బాస్ ఎ, కుడిచేతిలో ఎ, సి షార్ప్, ఇ. రెండో సగంలో బాస్ ఎఫ్ షార్ప్‌కి దిగుతుంది, కుడిచేతిలో ఎ, డి, ఎఫ్ షార్ప్. పెడల్ మార్చకపోతే సి షార్ప్, డి పక్కపక్క స్వరాలు ఒకేసారి మోగి చెవిలో గీరినట్టుంటుంది. అందుకే ఈ బార్‌కి పెడల్ రెండుసార్లు, మొదట్లో ఒకసారి, సగంలో ఒకసారి.

మార్చే పద్ధతి మొదట్లో కాలికి వింతగా ఉంటుంది. కొత్త బాస్ స్వరం మీద వేలు దిగే క్షణంలోనే కాలు పైకి లేవాలి, వెంటనే మళ్లీ దిగాలి. ఎక్కువమంది చేసే తప్పు వేలికంటే ముందే కాలు ఎత్తడం. అప్పుడు రెండు స్వరాల మధ్య చిన్న ఖాళీ వినిపిస్తుంది. ఆలస్యంగా ఎత్తినా, సగమే ఎత్తినా ఖాళీ ఉండదు గానీ పాత స్వరం మరకలా మిగిలిపోతుంది. ఆ మూడో బార్ ఒక్కటే పదిసార్లు రికార్డ్ చేసుకుని వింటే ఏ తప్పు చేస్తున్నామో తెలిసిపోతుంది.

ఆ అమ్మాయి ఇంట్లో ఉన్నది 61 మెట్ల కీబోర్డ్. ప్లగ్‌లో పెట్టే సస్టెయిన్ పెడల్ విడిగా కొనుక్కుంటే కాలి పని నేర్చుకోవచ్చు. కానీ మరో చిక్కుంది. ఆ కీబోర్డ్‌లో అన్నిటికన్నా కింది మెట్టు సి. రెండో బార్‌లోని కింది బి దానికి సరిగ్గా ఒక మెట్టు కింద ఉంటుంది, అంటే ఆ మెట్టే లేదు. ప్రస్తుతానికి ఆక్టేవ్‌లో పైస్వరం ఒక్కటే వాయించమన్నాను. 76 మెట్లున్న కీబోర్డ్ దొరికిన రోజు రెండూ వాయించుకోవచ్చు.

లావు అక్షరాల మాట ఇంకా మిగిలింది. అదాజో అంటే నెమ్మది అని బట్టీపట్టిస్తారు. కానీ ఆ మాటలోని ‘ఆజో’ అంటే తీరిక, సుఖం. ‘సొస్తెనూతో’ అంటే నిలబెట్టి, ఆపి పట్టుకుని. తీరిగ్గా, ప్రతి స్వరాన్నీ తెగనీయకుండా అని నేను చెబుతాను. దానికితోడు స్టాఫ్ మొదట్లో ఇంగ్లిష్ సి అక్షరం లాంటి గుర్తును నిలువుగా కోస్తూ ఒక గీత ఉంటుంది. ఫోటోలో మసకబారేది అదే. గీత ఉంటే బార్‌కి నాలుగు దెబ్బలు కావు, రెండే. ఒక్కో దెబ్బకు ఆరు చిన్న స్వరాలు. నాలుగు లెక్కపెట్టుకుంటూ పోతే ఈదులాడుతున్నట్టు మరీ నిదానమైపోతుంది. కొన్ని పుస్తకాల్లో మెట్రోనోమ్ అంకె కూడా అచ్చయి ఉంటుంది. అది సంపాదకుడి సలహా మాత్రమే. మెల్త్సెల్ మెట్రోనోమ్‌కు పేటెంట్ తీసుకున్నది 1815లో, ఈ సొనాటా అచ్చయిన 13 ఏళ్లకు.

వేగం సరిపోయిందో లేదో కుడిచేతి చిటికెన వేలే చెబుతుంది. అయిదో బార్ చివర్న పాట మొదలవుతుంది, జి షార్ప్ మీద. ఆరో బార్‌లో అదే స్వరం పొడుగ్గా నిలబడుతుంది. తర్వాతి స్వరం వచ్చేలోపే దాని మోత ఆరిపోతే నిదానం ఎక్కువైనట్టు. అడుగున చిన్న స్వరాలు దాన్ని ముంచేస్తుంటే అవి గట్టిగా పడుతున్నట్టు. రెండూ పియానిస్సిమోనే అయినా చిటికెన వేలికి కొంచెం బరువు ఎక్కువ ఇవ్వాలి.

‘క్రెష్’ అనిపించే పొట్టి మాట దగ్గర ఆమె ఒక్కసారిగా గట్టిగా వాయించింది. అది ‘క్రెషెండో’కి పొట్టి రూపం, పెరుగుతూ అని అర్థం. ఆ మాట రాసిన చోట శబ్దం ఇంకా మెల్లగానే ఉండాలి, పెరగడం అక్కడ మొదలవుతుంది. ఎంతదాకా పెంచాలో కూడా పేజీయే చెబుతుంది. ఈ భాగంలోని 69 బార్లలో ‘ఫోర్తే’ గుర్తు ఒక్కటి కూడా లేదు.

నెలన్నర తర్వాత చివరి పేజీ ఫోటో పంపింది, ఈసారి అంచులతో సహా. ఆఖరి గీత దగ్గర ‘అత్తాక్కా సూబితో ఇల్ సెగ్వెంతే’ అన్న మాటకు గుండ్రంగా పెన్సిల్ చుట్టింది. తర్వాతి భాగాన్ని వెంటనే మొదలుపెట్టు అని దానికి అర్థం. "రెండో భాగం నాకింకా రాదు కదా సార్, ఏం చెయ్యను?" అంది. "చివరి రెండు కార్డులయ్యాక పెడల్ ఎత్తు, చేతులు మాత్రం ఒడిలోకి తీసుకోకు. మెట్ల మీదే ఉంచి, మనసులో రెండు దెబ్బలు లెక్కపెట్టు" అన్నాను.