ఫొటోలో మైనస్ పోయింది: కాంప్లెక్స్ నంబర్ లెక్కని ఫోన్‌లో టైప్ చేసి పంపడం ఎలా?

ఇంటర్ సెకండియర్ మ్యాథ్స్ 2ఏ మొదటి చాప్టరే కాంప్లెక్స్ నంబర్స్. ఎల్లారెడ్డిలో చదివే మా మేనకోడలు డౌట్ వస్తే పుస్తకం పేజీ ఫొటో తీసి, కామారెడ్డిలో ఉన్న నాకు వాట్సాప్‌లో పంపుతుంది. ఫ్రెండ్ దగ్గర్నుంచి ఫార్వర్డ్ అయిన స్క్రీన్‌షాట్ అయితే మరీ కష్టం. మామూలు లెక్కల్లో ఇమేజ్ కొంచెం మసకగా ఉన్నా ఊహించి చెప్పేయొచ్చు, ఇందులో మాత్రం ఊహించకూడదు. ఎందుకో చూద్దాం.

మొన్న వచ్చిన ఫొటోలో పైన `3+4i`, కింద `1` తర్వాత ఏదో గీత, ఆ తర్వాత `2i` కనిపించాయి. ఆ గీత ప్లస్సా, మైనస్సా? మైనస్ అయితే జవాబు `-1+2i`. ప్లస్ అయితే `(11-2i)/5`. "జవాబు చూస్తే తెలిసిపోతుంది కదా, భిన్నం వస్తే తప్పు" అంటారు కొందరు. అలా ఏం లేదు, పుస్తకంలో రెండు రకాల జవాబులూ ఉంటాయి.

మాడ్యులస్‌తో చెక్ చేద్దామన్నా లాభం లేదు. `3+4i` మాడ్యులస్ 5. కింది సంఖ్యది, గుర్తు ఏదైనా సరే, √5. కాబట్టి రెండు జవాబుల మాడ్యులస్ కూడా √5 అవుతుంది. ఇమాజినరీ పార్ట్ గుర్తు మారినా మాడ్యులస్ మారదు, అందుకే ఈ తప్పు దానికి దొరకదు. పుస్తకం ఎవరి చేతిలో ఉందో వాళ్లే ఆ గుర్తు చూసి చెప్పాలి.

అందుకే "అమ్మా, ఫొటో ఉంటే ఉండనీ, కింద ఇట్లా టైప్ చెయ్" అని చెప్పిన:

```
z1: Re = 3, Im = 4
z2: Re = 1, Im = -2
(3+4i)/(1-2i)
adigindi: A+iB form
```

ఇక్కడ `Im` దగ్గర `-2` అని మాత్రమే రాయాలి, `-2i` కాదు. ఇమాజినరీ పార్ట్ అంటే `i` పక్కనున్న వాస్తవ సంఖ్యే. ఒకే సంగతి రెండు రకాలుగా రాయమనడానికి కారణం ఉంది. `Im = -2` అని ఉండి, కింది లైన్‌లో `1+2i` పడితే టైపింగ్ తప్పని వెంటనే పట్టుకోవచ్చు.

బ్రాకెట్లు వదిలేస్తే ఇంకో తంటా. పుస్తకంలో అడ్డగీతే బ్రాకెట్ పని చేస్తుంది, టైప్ చేస్తే ఆ గీత ఉండదు. `3+4i/1-2i` అని గూగుల్ సెర్చ్‌లో కొడితే ముందు `4i/1` చేసి `3+2i` చూపిస్తుంది. ఈ తప్పుని మాత్రం మాడ్యులస్ పట్టేస్తుంది: √5 రావాల్సిన చోట √13 వస్తుంది. ఇంకా గట్టిగా చూడాలంటే జవాబుని కింది సంఖ్యతో గుణించండి. `(-1+2i)(1-2i)` చేస్తే `3+4i` తిరిగొస్తుంది, అంటే లెక్క కరెక్ట్.

ఇక అసలు చాలామంది మర్చిపోయేది చివరి లైన్. లెక్క ఒక్కటే కనిపించేలా ఫొటో క్రాప్ చేస్తే, పైనున్న ప్రశ్న లైన్ కోసుకుపోతుంది. ఉత్త `3+4i` పంపితే నేనేం చెయ్యాలి? కాంజుగేట్ అడిగితే `3-4i`. గుణకార విలోమం అయితే `(3-4i)/25`. మాడ్యులస్ అయితే 5. స్క్వేర్ రూట్ అయితే `2+i`, `-2-i` రెండూ రాయాలి. సంఖ్య ఒక్కటే, అడిగింది తెలియకపోతే జవాబు నాలుగు దారులు. కాంజుగేట్‌కి `z` మీద పెట్టే చిన్న గీత కూడా మసక ఫొటోలో ముందే మాయమవుతుంది, కాబట్టి దాన్ని `conj(z)` అని మాటల్లో రాయడం మేలు.

వాట్సాప్‌తో ఒక చిక్కుంది. గుణకారానికి `*` వాడితే, మెసేజ్‌లో రెండు చుక్కలు పడ్డప్పుడు వాటి మధ్యది బోల్డ్ అయిపోయి చుక్కలు కనిపించకుండా పోయే చాన్స్ ఉంది. కీబోర్డ్‌లో `×` ఉంటుంది, అది వాడండి. లేదా రెండు బ్రాకెట్లు పక్కపక్కనే పెడితే చాలు.

ఫొటోనే పంపాలి, టైప్ చేసే ఓపిక లేదు అంటారా? అటాచ్‌మెంట్‌లో `Document` ద్వారా పంపండి, ఒరిజినల్ ఫైలే వెళ్తుంది, కంప్రెస్ కాదు. కాకపోతే ఫ్రెండ్ నుంచి వచ్చినప్పుడే మసకబారిన ఇమేజ్‌ని ఇలా పంపినా బాగుపడదు. పోయిన మైనస్ అందులో ఇక ఉండదు, ఆ ఫ్రెండ్‌నే మళ్లీ పుస్తకం చూసి చెప్పమనాలి.

జవాబు చూసుకోవడానికి ఇంట్లో కాసియో `fx-991ES PLUS` ఉంటే `MODE` నొక్కి `2` కొట్టండి, `CMPLX` వస్తుంది. `ENG` కీ మీదే `i` పడుతుంది. అక్కడ కూడా బ్రాకెట్ల సంగతి ఇంతే.