సాహిత్య సమీక్షలో ఎవరి మాట ఎవరిది?

పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల్లో పూర్వ పరిశోధనల సమీక్ష తరచూ ఒకే తీరున సాగుతుంది. ఒక పరిశోధకుడికి ఒక పేరా, ఆ వెనుక ఇంకొకరికి ఇంకో పేరా. అది జాబితా అవుతుంది, సమీక్ష కాదు. కాపీ చొరబడేదీ అక్కడే. ఒక్కో వ్యాసం సారాంశాన్ని ఎదురుగా పెట్టుకుని రాస్తుంటే ఆ వాక్యాలే కలంలోకి వచ్చేస్తాయి.

రైతులు కొత్త విత్తనాన్ని ఎలా అందుకుంటారన్నది మీ అంశం అనుకుందాం. 1943లో రయాన్, గ్రాస్ అమెరికాలోని అయోవాలో హైబ్రిడ్ మొక్కజొన్న రైతులను అడిగి, విత్తనం సంగతి ముందు చెప్పేది ఎక్కువగా సేల్స్‌మన్ అయినా, వేయడానికి ఒప్పించేది పొరుగు రైతులేనని గమనించారు. 1957లో గ్రిలికిస్ అదే పంట వ్యాప్తిలో ప్రాంతాల మధ్య తేడాలకు లాభదాయకతను ప్రధాన కారణంగా చూపారు. 1995లో ఫాస్టర్, రోజెన్‌వైగ్ హరిత విప్లవ కాలపు భారతీయ గ్రామీణ కుటుంబాలను పరిశీలించారు. సొంత అనుభవంతోపాటు పొరుగువారి అనుభవం కూడా కొత్త వంగడాలపై లాభాన్ని పెంచిందన్నారు.

వీటిని ఒక ప్రశ్న చుట్టూ చేర్చండి: రైతును కదిలించేది పొరుగువాడా, లాభమా? మొదటి వ్యాసం ఒకవైపు, రెండోది మరోవైపు నిలుస్తాయి. మూడోది ఆ రెంటినీ కలుపుతుంది. అక్కడి నుంచి మీ ప్రశ్న పుడుతుంది: పొలానికీ పొలానికీ వాన మారే మెట్ట ప్రాంతంలో పక్క చేను చూసి ఎంతవరకు నేర్చుకోవచ్చు?

ఇక సొంత మాటల్లో రాయడం. ‘ఫార్మర్’ తీసి ‘కల్టివేటర్’ పెట్టి, వాక్య నిర్మాణాన్ని అలాగే ఉంచితే అది కాపీయే. వాక్యం వెంట వాక్యం తెలుగులోకి దించినా అంతే. సాఫ్ట్‌వేర్ పట్టుకోకపోవచ్చు, చదివినవాళ్లు పట్టుకుంటారు. వ్యాసం మూసేసి, అందులోని సంగతిని పక్కనున్న మిత్రుడికి చెప్పినట్టు తెలుగులో నోట్సు రాసుకోండి. ఆ నోట్సు నుంచే ఇంగ్లిష్ వాక్యం కట్టండి. ‘విత్తనం సంగతి తెలిపింది సేల్స్‌మన్, వేయించింది పొరుగు రైతు (రయాన్, గ్రాస్, 1943)’ అన్నట్టు వస్తుంది. అప్పుడు మూలం తెరిచి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. వరుసగా నాలుగైదు మాటలు కలిస్తే మళ్లీ రాయండి, లేదా కొటేషన్ గుర్తుల్లో పెట్టండి. హైబ్రిడ్ విత్తనం లాంటి సాంకేతిక పదాలను మార్చాల్సిన పని లేదు. వాక్యం పూర్తిగా మీదే అయినా ఆలోచన వారిది కాబట్టి పేరు, ఏడాది తప్పవు. ఆ వ్యాసాన్ని వేరే పుస్తకం ద్వారానే తెలుసుకుంటే ఆ పుస్తకాన్నీ చెప్పాలి.

యూజీసీ 2018 నిబంధనల్లో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 శాతం వరకు ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సవరించి మళ్లీ సమర్పించాలి. అయితే ఆ అంకె మాటల పోలికను మాత్రమే కొలుస్తుంది. ఎనిమిది శాతం వచ్చిన అధ్యాయంలోనూ పేరు చెప్పకుండా వాడుకున్న ఆలోచన ఉండొచ్చు. దాన్ని వెతకాల్సింది సమర్పించే ముందు మీరూ, మీ గైడూ.