బిఫోర్‌కీ ఆఫ్టర్‌కీ మధ్య నాలుగు నెలలు

ఎడమవైపు పొట్ట వదిలేసి, భుజాలు వాల్చి, ముఖం మాడ్చుకుని నిలబడ్డ మనిషి. కుడివైపు అదే మనిషి, ఛాతీ విరుచుకుని నవ్వుతూ. పైన పసుపు అక్షరాల్లో ‘90 రోజుల్లో 18 కిలోలు’. ఇన్‌స్టాగ్రామ్‌లో జిమ్ పేజీలు చూసేవాళ్లకు ఈ బొమ్మ కొత్త కాదు. పక్కకు జరుపుకుంటూ చూసే ఇలాంటి ఫొటోల వరసనే క్యారౌసెల్ అంటారు. ఇప్పుడు ఒక్క పోస్టులో ఇరవై దాకా ఫొటోలు పెట్టుకోవచ్చు. ట్రైనర్‌కు కొత్త క్లయింట్లను తెచ్చిపెట్టేది చాలావరకు ఇదే. నిజం చెబుతూ దీన్ని తయారుచేయడం ఎలాగన్నది చూద్దాం.

ముందుగా ఆ పసుపు అక్షరాల లెక్క. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీల శక్తి ఉంటుంది. పద్దెనిమిది కిలోలూ కొవ్వే అనుకుంటే, తొంభై రోజులపాటు రోజుకు దాదాపు 1,540 కేలరీల లోటు ఉండాలి. ఆఫీసులో కూర్చుని పనిచేసే ఒక మహిళ శరీరం రోజంతా ఖర్చు చేసేదే 1,900 దగ్గర ఉందనుకోండి. వ్యాయామం లేకుండా ఆ లోటు తేవాలంటే ఆమె రోజుకు 360 కేలరీలతో సరిపెట్టుకోవాలి. అంటే మూడు నాలుగు ఇడ్లీలు, కాస్త చట్నీ, అంతే. 130 కిలోల మగమనిషి విషయంలో అదే అంకె నిజం కావచ్చు, ఎందుకంటే అతని శరీరం ఖర్చు చేసేది చాలా ఎక్కువ. కాబట్టి ఆ అంకె అబద్ధమని చూడగానే అనలేం. ఎవరిదో, ఎక్కడ మొదలైందో చెప్పకుండా అంకె ఒక్కటే వేయడంలోనే తిరకాసు ఉంది.

ఒక ఉదాహరణ కల్పించుకుని చూద్దాం. విజయవాడలో ఓ చిన్న జిమ్. ముప్పై ఎనిమిదేళ్ల బ్యాంకు ఉద్యోగిని నవంబరు మొదటి వారంలో చేరింది. బరువు 78.4 కిలోలు, నడుము 96 సెంటీమీటర్లు. పదహారు వారాల తర్వాత బరువు 72.1, నడుము 89. తగ్గింది 6.3 కిలోలు, అంటే వారానికి నాలుగు వందల గ్రాముల లోపే. వారానికి అరకిలో నుంచి కిలో దాకా తగ్గడం సురక్షితమని సాధారణంగా చెబుతారు, ఆమె దానికి కాస్త దిగువనే ఉంది. ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ ఇంత సాధించడం మంచి ఫలితమే. అయినా ట్రైనర్‌కు తన పోస్టు పక్కింటి జిమ్ పద్దెనిమిది కిలోల ముందు వెలవెలబోతుందన్న బెంగ. ఫొటోతో ఆటలాడాలన్న ఆశ పుట్టేది ఇక్కడే.

ఆ ఆట ఎంత తేలికో 2013లో ఆస్ట్రేలియాకు చెందిన ఒక ట్రైనర్ చేసి చూపించాడు. పొట్ట ఉబ్బరంగా ఉన్న రోజు ఒక ఫొటో దిగాడు. తర్వాత తలా ఒళ్లూ షేవ్ చేసుకుని, కాసిన్ని పుషప్‌లు తీసి, లైటు మార్చి, పొట్ట లోపలికి లాగి ఇంకో ఫొటో దిగాడు. రెంటికీ మధ్య గంట కంటే పెద్దగా తేడా లేదు. పక్కపక్కన పెడితే మాత్రం నెలల కష్టంలా కనిపించింది. నెత్తిమీద ఉన్న లైటు పక్కటెముకల కింద నీడలు తెస్తుంది. అప్పుడే బరువులెత్తిన కండ ఉబ్బి ఉంటుంది. బొడ్డు కిందికి జారిన ప్యాంటును బొడ్డు పైకి లాగి కడితే నడుము సన్నబడ్డట్టు ఉంటుంది. ఇందులో ఎడిటింగ్ ఏమీ లేదు, అందుకే ‘మేం ఫొటోషాప్ వాడలేదు’ అన్న మాట పూచీగా పనికిరాదు.

మన విజయవాడ ట్రైనర్ అందుకే రెండు ఫొటోలనూ ఒకే పద్ధతిలో తీయాలి. నేల మీద రెండు చోట్ల టేపు అంటించాలి, ఒకటి మనిషి నిలబడడానికి, రెండున్నర మీటర్ల దూరంలో ఇంకొకటి ఫోన్ స్టాండుకు. ఫోన్ బొడ్డు ఎత్తులో ఉండాలి. జూమ్ చేయకుండా మామూలు కెమెరాతోనే తీయాలి, వైడ్ యాంగిల్ వద్దు. బ్యూటీ మోడ్ కొన్ని ఫోన్లలో ముందే ఆన్ చేసి ఉంటుంది, దాన్ని వెతికి ఆపాలి. పొద్దున్నే, టిఫిన్‌కు ముందు, వర్కవుట్‌కు ముందు తీయాలి. అవే బట్టలు, అదే గోడ, అదే వెలుతురు. మామూలుగా ఊపిరి వదిలి నిలబడమనాలి. ముందు, పక్క, వెనుక మూడు వైపులా తీయాలి, ఎందుకంటే ముందు నుంచి దాగే పొట్ట పక్క నుంచి దాగదు. ముఖం సంగతీ అంతే: మొదటి రోజు దిగులుగా, చివరి రోజు నవ్వుతూ వద్దు, రెండుసార్లూ మామూలుగానే ఉండాలి. ఇలా తీసిన జత కొంచెం చప్పగా ఉంటుంది. చూసేవాడికి మాత్రం గోడ మీది స్విచ్‌బోర్డు రెండింట్లోనూ ఒకే చోట, ఒకే సైజులో కనిపిస్తుంది. నిజాయతీకి నాకు తెలిసిన చవకైన సాక్ష్యం ఆ స్విచ్‌బోర్డే.

ఇక క్యారౌసెల్‌లో మొదటి ఫొటో గురించి కొంత ఆగి మాట్లాడాలి. చాలామంది పక్కకు జరపరు. జరిపేవాళ్లు కూడా వాట్సాప్‌లో వదినకో, స్నేహితురాలికో పంపేది మొదటి ఫొటో స్క్రీన్‌షాటే. షరతులన్నీ ఎనిమిదో ఫొటోలో చిన్న అక్షరాల్లో పెట్టడం చెప్పనట్టే లెక్క. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022లో తెచ్చిన మార్గదర్శకాలు ఈ విషయంలో సూటిగా ఉన్నాయి. ప్రకటనలో వివరణ వాక్యం ప్రధానమైన మాటను వివరించవచ్చు కానీ దానికి విరుద్ధంగా ఉండకూడదు, ముఖ్యమైన సంగతిని దాచకూడదు. మాట ఏ భాషలో ఉందో వివరణా అదే భాషలో, అదే ఫాంటులో ఉండాలి. పైన తెలుగులో ‘గ్యారంటీగా 10 కిలోలు’ అని వేసి, కింద చీమ తలకాయంత ఇంగ్లిష్‌లో ‘ఫలితాలు మారవచ్చు’ అంటే కుదరదన్నమాట. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం కింద పది లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఆన్‌లైన్ కోచింగ్ ఇచ్చే ట్రైనర్లు ఇంకొకటి గమనించాలి. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లో మార్చిన మార్గదర్శకాల ప్రకారం ‘ఇది అందరికీ వచ్చే ఫలితం కాదు’ అని రాసి తప్పించుకోవడం కుదరదు, మామూలుగా ఎంత వస్తుందో కూడా చెప్పాలి.

కాబట్టి మన ఉదాహరణలో మొదటి ఫొటో మీద ఇలా రాయవచ్చు: ‘16 వారాలు. 78.4 నుంచి 72.1 కిలోలు. ఇది ఒక్కరి ఫలితం. మా బ్యాచ్‌లో మామూలుగా తగ్గింది 3.6 కిలోలు.’ చివరి వాక్యం రాయడానికి చాలామందికి చేయి రాదు.

ఆ 3.6 ఎక్కడిది? మన లెక్కలో ఆ బ్యాచ్‌లో ఇరవై ఇద్దరు చేరారు, పదహారు వారాలూ పదమూడు మందే నిలిచారు. ఆ పదమూడు మందినీ తగ్గిన బరువు ప్రకారం వరసలో నిలబెడితే మధ్యలో ఉండే ఏడో మనిషి తగ్గింది 3.6 కిలోలు. ఇద్దరికి ఏమీ మారలేదు, ఒకరు కిలో పెరిగారు. మన బ్యాంకు ఉద్యోగిని పైనుంచి రెండో స్థానంలో ఉంది. సగటు తీసి వేయవచ్చు కదా అంటే, ఒక్క భారీకాయుడు పదిహేను కిలోలు తగ్గితే సగటు పైకి ఎగబాకుతుంది, మధ్యవాడి సంగతి మారదు. మానేసిన తొమ్మిది మందిని లెక్కలోంచి తీసేయడమూ ఒక రకమైన ఎడిటింగే. వాళ్లు ఎక్కువగా ఫలితం కనబడకనో, వేళ కుదరకనో వెళ్లినవాళ్లు. అందుకే ‘22 మంది చేరారు, 13 మంది పూర్తిచేశారు’ అన్నది రెండో ఫొటోలో పెద్ద అక్షరాల్లోనే ఉండాలి. ఎప్పుడూ ఒక్కరి ఫొటోలే చూపించి, ఎంతమందిలో ఒకరో చెప్పని పేజీని నేనైతే నమ్మను.

మూడో ఫొటోలో బరువు గీత. సోమవారం సోమవారం తూచిన అంకెలన్నీ ఉండాలి, నచ్చినవే కాదు. మొదటి రెండు వారాల్లో ఆమె 1.9 కిలోలు తగ్గింది. అందులో చాలావరకు నీరే. తిండి తగ్గగానే శరీరం దాచుకున్న గ్లైకోజెన్ ఖర్చవుతుంది, ప్రతి గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీరూ పోతుంది. ‘తొలి పది రోజుల్లోనే రెండు కిలోలు’ అని ప్యాకేజీలు అమ్మేది ఈ నీటి మీదే. పదో వారానికి 73.8కి వచ్చింది. పదకొండో వారంలో సంక్రాంతి. అమ్మగారింట్లో అరిసెలు, గారెలు, నాటుకోడి, మూడు రోజులు జిమ్‌కు సెలవు. తూకం 74.9. ఈ పైకి లేచిన ముక్కను గీతలోంచి చెరిపేయాలనిపిస్తుంది. ఉంచాలి. పండగ బరువులో ఎక్కువ భాగం ఉప్పు, పిండి పట్టుకున్న నీరు కాబట్టి రెండు వారాల్లో మళ్లీ దిగింది. రేపు చేరబోయే మనిషికి దసరాకో పెళ్లికో ఇదే జరుగుతుంది. అప్పుడు ‘నాకే ఇలా అయింది’ అని జిమ్ మానేయకుండా ఉండాలంటే ఆ ముక్క చూసి ఉండాలి.

నాలుగో ఫొటోలో ఆమె ఏం చేసిందో ఉండాలి. వారానికి మూడు రోజులు బరువులు, మిగతా రోజుల్లో నడక, రాత్రి అన్నం సగానికి తగ్గించి పప్పు, గుడ్లు పెంచడం. అసలు చిక్కు జిమ్ బయట జరిగే వాటితో వస్తుంది. వారానికి ఒకటి చొప్పున తీసుకునే బరువు తగ్గించే ఇంజెక్షన్లు ఇప్పుడు మన దేశంలోనూ దొరుకుతున్నాయి. క్లయింట్ డాక్టరు సలహాతో అవి వాడుతూ తగ్గి ఉంటే, ఆ ఫలితాన్ని డంబెల్స్ ఖాతాలో వేయడం మోసం. చెప్పడానికి ఆమె ఒప్పుకుంటే చెప్పాలి. అది ఆమె సొంత విషయం కాబట్టి ఒప్పుకోకపోతే ఆ ఫొటో వాడకూడదు, అంతే. ‘షుగర్ పోయింది, థైరాయిడ్ నయమైంది’ లాంటి మాటలు ట్రైనర్ చెప్పేవి కావు, క్లయింట్ నోటితో చెప్పించినా సరే.

అనుమతి విషయానికి వస్తే, చేరేరోజు సంతకం పెట్టించుకునే ఫారంలో ఒక మూల ‘ఫొటోలు వాడుకుంటాం’ అని ఉంటే సరిపోదు. పోస్టు పూర్తిగా తయారయ్యాక ఆమెకు చూపించి అడగాలి. “మా మేనేజర్ కూడా ఆ పేజీ చూస్తారండీ, ముఖం లేకుండా పెట్టండి” అంటే మెడ దాకా కత్తిరించాలి. ఇచ్చిన అనుమతిని ఎంత తేలిగ్గా ఇచ్చారో అంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలుండాలని 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం అంటోంది. ఫొటోకు బదులుగా ఒక నెల ఫీజు మాఫీ చేసి ఉంటే ఆ సంగతీ పోస్టులో రాయాలి.

పోస్టు పడ్డాక ఇన్‌బాక్సులోకి వచ్చే మొదటి ప్రశ్న ఎలా ఉంటుందో ఊహించవచ్చు. “సార్, నాకూ నాలుగు నెలల్లో ఆరు కిలోలు తగ్గుతాయా?” దానికి జవాబు అవుననీ కాదనీ కాదు. “మీ బరువెంతమ్మా, నిద్రెలా ఉంది, మందులేమైనా వాడుతున్నారా, వారానికి ఎన్ని రోజులు రాగలరు? మా బ్యాచ్‌లో సగం మంది మూడున్నర కిలోల పైన తగ్గారు, సగం మంది అంతకన్నా తక్కువ” అని చెప్పాలి. కొందరు ఆ జవాబు విని పద్దెనిమిది కిలోల జిమ్‌కు వెళ్లిపోతారు. మిగిలినవాళ్లు నాలుగో వారంలో ఫీజు వెనక్కి ఇవ్వమని గొడవ పడరు.

ఇంకో పని ఆగస్టులో ఉంటుంది. ఆరు నెలల తర్వాత ఆమెను మళ్లీ పిలిచి, అదే టేపు గుర్తు మీద నిలబెట్టి తూచాలి. 73.6 వచ్చిందనుకోండి, అంటే కిలోన్నర వెనక్కి వచ్చింది, నడుము మాత్రం 90 దగ్గరే ఉంది. ఆమె సరేనంటే పాత పోస్టు క్యాప్షన్‌ను ఎడిట్ చేసి మొదటి వరసలోనే తేదీతో ఆ రెండు అంకెలూ చేర్చవచ్చు, రెండు నిమిషాల పని.