గ్యాలరీ చెప్పని లెక్క

ఫోన్ తెర మీద "స్టోరేజ్ నిండిపోయింది" అని వస్తుంది. గ్యాలరీ తెరిస్తే నాలుగొందల ఫొటోలు కూడా ఉండవు. యాప్‌లంటారా, వాట్సాప్, యూట్యూబ్, డబ్బులు పంపుకునేది ఒకటి, బ్యాంకుది ఒకటి. "ఏమీ లేని ఫోన్ ఎలా నిండుతుంది? పాడైపోయి ఉంటుంది" అని చాలామంది కొత్త ఫోన్ ధరలు కనుక్కోవడం మొదలుపెడతారు. పాడైనది ఫోన్ కాదు. గ్యాలరీ చూపించేదీ స్టోరేజ్ లెక్కపెట్టేదీ ఒకటే అనుకోవడం దగ్గరే తేడా వస్తోంది.

గ్యాలరీ అనే యాప్ ఫోన్‌లోని ప్రతి ఫొటోనూ చూపించదు. ఏదైనా ఫోల్డర్‌లో .nomedia అనే చిన్న ఫైలు ఉంటే "ఇందులోవి గ్యాలరీలో పెట్టొద్దు" అని ఆండ్రాయిడ్‌కి చెప్పినట్టు. ఆ ఫైలు దాదాపు ఖాళీగానే ఉంటుంది, కానీ దాని పక్కనున్న పది జీబీల వీడియోలు గ్యాలరీ కంట పడవు. పేరు ముందు చుక్క ఉన్న ఫోల్డర్లదీ ఇదే పద్ధతి. మరోపక్క, స్టోరేజ్ లెక్క కట్టే ఆండ్రాయిడ్ మాత్రం చుక్క ఉందా, .nomedia ఉందా అని చూడదు. ఎంత చోటు పట్టిందో అంతా లెక్కలోకి వస్తుంది.

గుంటూరులో రిటైరైన ఒక టీచరమ్మ ఫోన్‌ని ఉదాహరణగా తీసుకుందాం. 64 జీబీ ఫోన్. వారానికోసారి హెచ్చరిక వస్తోంది. వచ్చినప్పుడల్లా ఆవిడ కొన్ని ఫొటోలు తీసేస్తున్నారు, సాయంత్రానికి మళ్లీ వస్తోంది. సంక్రాంతికి వచ్చిన చెల్లెలి కొడుకు ఫోన్ చేతిలోకి తీసుకుంటే, "ఇంకేం తీసెయ్యను నాయనా, మీ పెదనాన్న ఫొటోలు తప్ప ఏమీ మిగల్లేదు" అన్నారు. "ఫొటోల జోలికి వెళ్లకు పెద్దమ్మా, ఉండు" అని అతను సెట్టింగ్స్‌లో స్టోరేజ్ పేజీ తెరిచాడు.

ఆ పేజీలో సిస్టమ్ 18 జీబీ, యాప్‌లు 13, వీడియోలు 3, ఫొటోలు 2, ఆడియో 1 ఉన్నాయి. ఆఖర్న "ఇతర ఫైళ్లు" అని 25 జీబీ. మొత్తం 62. అంకెలు, పేర్లు ఫోన్ కంపెనీని బట్టి మారతాయి గానీ ఈ తీరు మాత్రం ఎక్కడైనా గుర్తుపట్టొచ్చు. ఫొటోలు, వీడియోలు కలిపి ఐదు జీబీలే ఉండి, "ఇతర" అన్నది వాటికి ఐదు రెట్లుంటే ఏదో దాక్కుని ఉన్నట్టే. సిస్టమ్ అన్న 18 జీబీని ఎవరూ తగ్గించలేరు, దాన్ని వదిలెయ్యాలి. వెతకాల్సింది ఆ 25.

ఫోన్‌లోనే ఉండే ఫైల్ మేనేజర్ తెరిచి, దాని సెట్టింగ్స్‌లో "దాచిన ఫైళ్లు చూపించు" అన్నది ఆన్ చేసి, ఇంటర్నల్ స్టోరేజ్‌లో ఈ దారిన వెళ్లాలి:

```
Android/media/com.whatsapp/WhatsApp/Media
```

ఆండ్రాయిడ్ 11 నుంచి వాట్సాప్ సరుకంతా ఇక్కడ ఉంటోంది. పాత ఫోన్లలో WhatsApp అనే ఫోల్డర్ బయటే కనిపించేది. ఇప్పుడు లోపలికి మారడంతో వెతికేవాళ్లకి దొరకడం లేదు.

అందులో WhatsApp Video అనే ఫోల్డర్ తెరిస్తే లోపల మరో రెండు ఫోల్డర్లున్నాయి, Private, Sent అని. టీచరమ్మ ఫోన్‌లో Private ఒక్కటే 9 జీబీ. ఎందుకంటే, గ్యాలరీ నిండా గుడ్ మార్నింగ్ పువ్వులే ఉంటున్నాయని ఎవరో వాట్సాప్ సెట్టింగ్స్‌లో "మీడియా విజిబిలిటీ" ఆఫ్ చేసి పెట్టారు. దాంతో గ్యాలరీ శుభ్రంగా కనబడింది. వీడియోలు మాత్రం దిగడం ఆగలేదు, దిగినవి Private లోకి వెళ్తున్నాయంతే. ఆ స్విచ్ కనబడకుండా చేస్తుంది తప్ప డౌన్‌లోడ్ ఆపదు. ఆపాలంటే వాట్సాప్ సెట్టింగ్స్‌లో "స్టోరేజ్ అండ్ డేటా" కింద ఉండే మీడియా ఆటో డౌన్‌లోడ్‌కి వెళ్లాలి. అక్కడ వైఫై ఉన్నప్పుడు ఏమేం దించాలన్న దానిలో వీడియోలకి టిక్ తీసెయ్యాలి. ఇంట్లో వైఫై పెట్టించిన నెల నుంచే చాలామందికి ఈ తలనొప్పి మొదలవుతుంది, కారణం ఇదే.

Sent లో ఉన్నవి మనం పంపినవి. పెళ్లి వీడియో ఒకటి తీసి గ్రూపులో పెడితే అసలుది కెమెరా ఫోల్డర్‌లో ఉంటుంది, వాట్సాప్ కుదించిన కాపీ Sent లో చేరుతుంది. దీనిక్కూడా .nomedia కాపలా ఉంది కాబట్టి గ్యాలరీలో కనపడదు. ఆవిడ ఫోన్‌లో ఇలా రెండున్నర జీబీ పోగుపడింది. దాచిన ఫొటోలు మరో 3, పీడీఎఫ్‌లు, పంచాంగాలు, పెన్షన్ సర్క్యులర్లు కలిపి 1.8.

ఇంకో ఫోల్డర్ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. ఒక మెట్టు వెనక్కి వచ్చి, Media పక్కనే ఉండే Databases తెరిస్తే ఇలాంటి పేర్లు కనిపిస్తాయి:

```
msgstore.db.crypt14
msgstore-2025-01-12.1.db.crypt14
msgstore-2025-01-11.1.db.crypt14
```

వాట్సాప్ రోజూ తెల్లవారుజామున రెండింటికి చాట్‌లన్నిటికీ ఫోన్‌లోనే ఒక కాపీ తీసుకుంటుంది. అలా గత ఏడు రోజులవి ఉంచుతుంది. నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య మారినదొక్కటే రాసుకోదు, ప్రతిదీ పూర్తి కాపీయే. చాట్ చరిత్ర చిన్నదైతే ఇది లెక్కలోకి రాదు. కానీ పదేళ్లుగా ఒక్క మెసేజీ తీసెయ్యని వాళ్లకి ఒక్కో కాపీ 550 ఎంబీ ఉందనుకోండి, ఎనిమిది కలిసి 4.4 జీబీ. తేదీ ఉన్న పాతవి తీసెయ్యొచ్చు. తేదీ లేని msgstore.db మాత్రం తాజా కాపీ, దాన్ని ముట్టుకోకూడదు. కొన్ని ఫోన్లలో ఆఖర్న crypt15 అని ఉంటుంది, పద్ధతి అదే. రోజులు గడిస్తే ఇవి మళ్లీ పోగవుతాయి కాబట్టి ఇది తాత్కాలిక ఉపశమనమే. అసలు బరువు చాట్‌లలో ఉంది.

ఇక మిగిలిన 4.3 జీబీ. టీచరమ్మ వారం వారం తీసేస్తూ వచ్చిన ఫొటోలు, వీడియోలే అవి. తీసేసినవి పోలేదు, బిన్‌లో కూర్చున్నాయి. ఆండ్రాయిడ్ 11 తర్వాత చాలా ఫోన్లలో డిలీట్ నొక్కితే ఫైలు ఉన్నచోటే ఉండి పేరు మార్చుకుంటుంది. ఇలా:

```
.trashed-1735689600-VID-20241130-WA0007.mp4
```

మొదటి చుక్క దాన్ని దాచేస్తుంది. మధ్యలో ఉన్న పొడవాటి అంకె అది నిజంగా పోవాల్సిన ఘడియ, 1970 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన సెకన్లలో. ఇక్కడున్నది 2025 జనవరి 1కి సరిపోతుంది. అంటే డిసెంబరు మొదట్లో తీసేసిన వీడియో నెల రోజుల పాటు చోటు ఖాళీ చెయ్యకుండా అలాగే ఉంటుంది. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయినవి అయితే బిన్‌లో 60 రోజులుంటాయి. ఎంత తీసేసినా అంకె కదలట్లేదని విసుక్కునే వాళ్లు గ్యాలరీలోనూ గూగుల్ ఫొటోస్‌లోనూ ఫైల్ మేనేజర్‌లోనూ ఉన్న బిన్‌లు విడివిడిగా ఖాళీ చెయ్యాలి. అన్నిటికీ కలిపి ఒకటే బిన్ ఉంటుందని అనుకోకూడదు.

ఆవిడ హెచ్చరిక సాయంత్రానికే తిరిగి రావడానికీ ఒక లెక్కుంది. ఆండ్రాయిడ్ మూలరూపంలో ఈ గీత మొత్తం స్టోరేజ్‌లో 5 శాతం దగ్గరో 500 ఎంబీ దగ్గరో ఉంటుంది, రెండిట్లో ఏది తక్కువైతే అది. 64 జీబీ ఫోన్‌కి 500 ఎంబీయే తక్కువ. ఇరవై ఫొటోలు తీస్తే దక్కేది ఏ వంద ఎంబీయో. ఒక గ్రూపులో నాలుగు వీడియోలు దిగితే మళ్లీ గీత కిందికే.

చెల్లెలి కొడుకు ఫైల్ మేనేజర్‌లో కారణం కనిపెట్టాడు గానీ వీడియోలని అక్కడి నుంచి తియ్యలేదు. వాట్సాప్‌లోనే "మేనేజ్ స్టోరేజ్" తెరిచాడు. 5 ఎంబీ కన్నా పెద్దవి ఒకచోట, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి ఒకచోట, కింద ఏ చాట్ ఎంత తింటోందో వరసగా చూపిస్తుంది. అపార్ట్‌మెంట్ గ్రూపు, భక్తి గ్రూపు మొదటి రెండు స్థానాల్లో ఉన్నాయి. దీనికో చిక్కుంది. ఒకే వీడియో మూడు చాట్‌లలోకి వచ్చి ఉంటే మూడింట్లోనూ తీసేస్తేనే చోటు ఖాళీ అవుతుంది. ఒక గ్రూపులో తీసి ఫలితం లేదనుకుంటే పొరపాటు.

ఈ పని మధ్యలో చెయ్యి జారే చోటొకటుంది. సెట్టింగ్స్‌లో ప్రతి యాప్ పేజీలోనూ "క్లియర్ క్యాష్", "క్లియర్ డేటా" అని రెండు బటన్లు పక్కపక్కనే ఉంటాయి. మొదటిది యాప్ తన సౌకర్యానికి దాచుకున్న తాత్కాలిక ఫైళ్లని తీస్తుంది, నష్టం లేదు. రెండోది ఆ యాప్‌ని కొత్తగా పెట్టుకున్నట్టు చేస్తుంది. వాట్సాప్ మీద నొక్కితే బ్యాకప్‌లో లేని చాట్‌లు పోయినట్టే. టెలిగ్రామ్‌తో అంత భయం అక్కర్లేదు. మామూలు చాట్‌లన్నీ దాని సర్వర్‌లోనే ఉంటాయి కాబట్టి దాని సెట్టింగ్స్‌లో "స్టోరేజ్ యూసేజ్"కి వెళ్లి క్యాష్ తుడిచేసినా, కావాలంటే మళ్లీ దిగుతాయి. సినిమాలు టెలిగ్రామ్‌లో చూసే కుర్రవాళ్ల ఫోన్లలో ఇదొక్కటే పదిహేను, ఇరవై జీబీలు వదిలిస్తుంది. ఆ ఫైళ్లుండే Android/data ఫోల్డర్‌ని కొత్త ఫోన్లలో ఫైల్ మేనేజర్లకి చూడనివ్వరు, అందుకని యాప్ లోపలి నుంచే వెళ్లాలి. యూట్యూబ్‌లో ఆఫ్‌లైన్‌కి దించుకున్న వీడియోలూ అంతే.

రెండు సిమ్‌లకి రెండు వాట్సాప్‌లు పెట్టుకునే వాళ్లకి ఇంకో మూల మిగిలింది. డ్యూయల్ యాప్ అంటే ఫోన్ లోపల మరో యూజర్‌ని సృష్టించడమే. ఆ రెండో వాట్సాప్ ఫైళ్లు వేరే చోట ఉంటాయి. కొన్ని ఫోన్లలో ఆ చోటు పేరు చివర 999 అని, కొన్నింట్లో 95 అని ఉంటుంది. మొదటి వాట్సాప్ ఫోల్డర్ ఎంత తవ్వినా అవి కనపడవు. రెండో వాట్సాప్ తెరిచి, అందులోని మేనేజ్ స్టోరేజ్‌ని విడిగా చూసుకోవాలి.

వచ్చిన హెచ్చరిక అసలు ఫోన్‌దేనా అన్నది కూడా చూడాలి. జీమెయిల్ పైభాగంలోనో గూగుల్ ఫొటోస్‌లోనో "స్టోరేజ్ అయిపోయింది" అని వస్తే అది గూగుల్ ఖాతాకి ఉచితంగా ఇచ్చే 15 జీబీ గురించి. మెయిల్, డ్రైవ్, ఫొటోల బ్యాకప్ అన్నీ అందులోకే. 2021 జూన్ 1 నుంచి ఫొటోలు, ఆ తర్వాత వాట్సాప్ చాట్ బ్యాకప్ కూడా దానిలో లెక్కవుతున్నాయి. ఫోన్‌లో ఎన్ని వీడియోలు తీసినా ఆ హెచ్చరిక కదలదు. ఫోన్‌లో 40 జీబీ ఖాళీగా ఉన్నా అది వస్తూనే ఉంటుంది. దానికి వెళ్లాల్సిన చోటు one.google.com/storage.