పిల్లికి నట్టల మందు: తేదీలు దేన్ని బట్టి వేసుకోవాలి?

పిల్లికి ఈ రోజు నట్టల మందు వేస్తే, ఈ రోజు దాని పేగులో ఉన్న పురుగులు చస్తాయి. రేపు దాని నోట్లోకి వెళ్లే గుడ్డును ఆ మందు ఆపలేదు. మామూలుగా వాడే మాత్రలు, సిరప్‌లు ఒకటి రెండు రోజుల్లో ఒంట్లోంచి వెళ్లిపోతాయి. ఈ సంగతి తెలియకే చాలామంది నట్టల మందును టీకాతో సమానంగా చూస్తారు, ఏడాదికోసారి వేయించి ఊరుకుంటారు. మళ్లీ పురుగులు కనిపించగానే మందు నకిలీదంటారు. నిజానికి ఎప్పుడు వేయాలన్నది పురుగు బతుకును బట్టి, పిల్లి బతుకును బట్టి తేలుతుంది.

మన ఇళ్లలోని పిల్లుల్లో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. ఒకటి ఏలికపాము. దీని శాస్త్రీయ నామం టాక్సోకారా క్యాటై. తెల్లగా, గుండ్రంగా, దాదాపు 3 నుంచి 10 సెంటీమీటర్ల పొడవుంటుంది. పిల్లి వాంతి చేసుకున్నప్పుడు ఉడికిన సేమ్యాలా చుట్ట చుట్టుకుని బయటపడేది ఇదే. రెండోది బద్దెపురుగు. ఇది పొడవైన రిబ్బన్‌లా పేగు గోడను పట్టుకుని ఉంటుంది, చివరి నుంచి ముక్కలు ముక్కలుగా తెగి మలంతో బయటికి వస్తుంది. తోక కింది వెంట్రుకలకు అంటుకుని బియ్యపు గింజంత ముక్క ఒకటి నెమ్మదిగా కదులుతుంటే అది బద్దెపురుగు ముక్కే. ఎండిపోయాక పిల్లి పడుకునే గుడ్డ మీద నువ్వుల్లా కనిపిస్తుంది.

ఈ రెండూ పిల్లి కడుపులోకి చేరే దారులు పూర్తిగా వేరు. ఒకదానికి వేసే మందు రెండోదానికి పనిచేయకపోవడానికి, ఒకటి పోయినా రెండోది మళ్లీ మళ్లీ రావడానికి కారణాలు ఇక్కడే ఉన్నాయి.

ఏలికపాము గుడ్డు పిల్లి మలంతో బయటపడిన రోజున ఎవరికీ హాని చేయదు. దానిలో పిల్లపురుగు ఎదగడానికి నేలలో రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఆ తర్వాత మాత్రం అది మొండిది. మందపాటి పెంకు వల్ల ఫినాయిలు, బ్లీచింగు దాన్ని చంపలేవు, మట్టిలో ఏళ్ల తరబడి బతికుంటుంది. మట్టి అంటిన కాళ్లు నాకినప్పుడు ఆ గుడ్డు పిల్లి కడుపులోకి వెళ్తుంది. లేదా అదే గుడ్డును ముందే మింగిన ఎలుకను, పిట్టను, బొద్దింకను పిల్లి తిన్నప్పుడు పిల్లపురుగు చేరుతుంది. గుడ్డు ద్వారా చేరిన పిల్లపురుగు నేరుగా పేగులో స్థిరపడదు. కాలేయం గుండా ఊపిరితిత్తులకు వెళ్లి, దగ్గుతో గొంతులోకి వచ్చి, మళ్లీ మింగుడుపడి పేగుకు చేరి అక్కడ పెద్దదవుతుంది. ఇలా ప్రయాణంలో ఉన్న పురుగుల్లో చాలా భాగం మామూలు మందుకు దొరకవు.

కూనల విషయంలో మూడో దారి ఉంది, అన్నిటికన్నా ముఖ్యమైనది: తల్లిపాలు. చూడి చివరి రోజుల్లోనో పాలిచ్చే కాలంలోనో తల్లికి ఏలికపాములు సోకితే, దాని ఒంట్లోని పిల్లపురుగులు పాలలోకి దిగుతాయి. కుక్కల్లో ఇవి కడుపులో ఉన్న పిల్లలకే సోకుతాయి, పిల్లుల్లో అలా జరగదు. అంటే కూన పుట్టేటప్పుడు శుభ్రంగానే ఉంటుంది, కానీ పాలు తాగడం మొదలుపెట్టిన నాటి నుంచి పురుగులు చేరవచ్చు. కూనలకు మూడు వారాల వయసులోనే మందు మొదలుపెట్టి, రెండు వారాలకోసారి వేయడం వెనక ఉన్న లెక్క ఇది. పాలతో కొత్తవి వస్తూనే ఉంటాయి, వచ్చినవి పెద్దవై గుడ్లు పెట్టకముందే తీసేయాలి.

ఒక ఇంటిని తీసుకుని తేదీలు వేసి చూద్దాం. పగలు ఇంట్లో, రాత్రి గోడల మీద తిరిగే 3 కిలోల తల్లిపిల్లి. జూన్ 1న నాలుగు కూనలు పెట్టిందనుకుందాం. మూడు వారాలకు, అంటే జూన్ 22న, కూనలకు మొదటి మోతాదు. ఆ రోజే తల్లికీ వేయాలి. తల్లిని వదిలేస్తే దాని మలంలోని గుడ్లు అదే చోటును పాడుచేస్తూ ఉంటాయి. తర్వాత జూలై 6, జూలై 20. ఏడు వారాలు నిండే ఆ సమయానికి కూనలు పాలు మానేశాయనుకుంటే, పాలు మానిన రెండు వారాలకు ఆగస్టు 3న మరో మోతాదు. అక్కడి నుంచి ఆరు నెలల వయసు వచ్చేదాకా, అంటే డిసెంబరు దాకా, నెలకోసారి. పాలు ఆలస్యంగా మానితే రెండు వారాల మోతాదులు ఆ మేరకు పొడిగించుకోవాలి.

చిన్న కూనలకు సాధారణంగా పైరంటెల్ ఉన్న సిరప్‌ గానీ, కొన్ని రోజుల పాటు వరసగా ఇచ్చే ఫెన్‌బెండజోల్ గానీ డాక్టరు రాస్తారు. ఏది రాసినా ప్రతిసారీ కూనను తూచి తీరాలి. మూడు వారాల కూన 350 గ్రాములు ఉంటే, ఏడు వారాలకు 700 గ్రాములు ఉండవచ్చు. జూన్‌లో వేసిన కొలతే జూలైలోనూ వేస్తే సగం మందే అందినట్టు. వంటింట్లో వాడే డిజిటల్ కాటా మీద గిన్నె పెట్టి, అందులో కూనను కూర్చోబెడితే సరిపోతుంది. మందు తరచూ ఒక మిల్లీలీటరులో చిన్న వంతే ఉంటుంది కాబట్టి, స్పూనుతో కాకుండా సూది తీసేసిన 1 మిల్లీలీటరు సిరంజితో కొలవాలి. మందు పడిన మరుసటి రోజు మలంలో చచ్చిన పురుగులు కనిపిస్తే కంగారు అక్కర్లేదు. కానీ పొట్ట బాగా ఉబ్బి, ఒళ్లు ఎండిపోయిన కూన మందు తర్వాత వాంతులు చేసుకుంటూ తిండి మానేస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పురుగులు మరీ ఎక్కువైతే ముద్దగా మారి పేగుకు అడ్డుపడతాయి.

ఇంట్లో ఉంది కదా అని పిల్లలకు బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్రను విరిచి పిల్లికి వేయకండి. ఆ మందు పిల్లుల్లో ఎముక మజ్జను దెబ్బతీసి, రక్తకణాలు తగ్గిపోయేలా చేసిన సందర్భాలు ఉన్నాయి. వెల్లుల్లి రసమూ వద్దు. వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది.

ఇప్పుడు అదే ఇంట్లో ఆగస్టు నెల. నాలుగు మోతాదులు తప్పకుండా వేశారు. అయినా ఒక కూన తోక కింద బియ్యపు గింజల్లాంటివి కదులుతున్నాయి. మందు విఫలమైందా? లేదు. పైరంటెల్ ఏలికపాముల మందు, బద్దెపురుగును అది తాకదు. బద్దెపురుగుకు ప్రాజిక్వాంటెల్ కావాలి, దాని మోతాదు ప్రతి కిలో బరువుకు కనీసం 5 మిల్లీగ్రాములు. ఇది మళ్లీ ఏలికపాములను చంపదు. అందుకే పెద్ద పిల్లులకు రెండూ కలిపిన మాత్ర రాస్తారు. కొనేటప్పుడు డబ్బా మీద రెండు పేర్లూ ఉన్నాయా, అది పిల్లులకు చేసిందేనా చూసుకోండి. ప్రాజిక్వాంటెల్ చాలా చేదు. మాత్ర నాలుక మీద కరిగితే పిల్లి నోట్లోంచి నురగ కారుతుంది, చూసినవాళ్లు విషమేమోనని హడలిపోతారు. మాత్రను నాలుక వెనక్కి పెట్టి, వెంటనే కొంచెం నీళ్లు పట్టిస్తే ఆ ఇబ్బంది తప్పుతుంది.

కూనకు ప్రాజిక్వాంటెల్ వేశారు, గింజలు ఆగాయి. మూడు వారాలకు మళ్లీ కనిపించాయి. ఈసారి కూడా మందు తప్పు కాదు. పిల్లుల్లో తరచుగా కనిపించే బద్దెపురుగు డైపిలిడియం. ఇది పిల్లి నుంచి పిల్లికి నేరుగా రాదు, మధ్యలో ఒక పురుగు కావాలి. పశువులకు పట్టే పిడుదులా ఒకచోట అతుక్కోకుండా, పిల్లి బొచ్చులో పరుగులు తీస్తూ గెంతే సన్నటి గోధుమరంగు పురుగు అది. డాక్టర్లు ఫ్లీ అంటారు. దాని పిల్లపురుగులు నేల పగుళ్లలో, పరుపుల మడతల్లో ఉంటూ బద్దెపురుగు గుడ్లను తింటాయి. అవి పెద్ద ఫ్లీలై పిల్లి ఒంటి మీదికి ఎక్కుతాయి. ఒళ్లు దురద పుట్టి నాకుతూ పిల్లి ఆ ఫ్లీని మింగేస్తుంది. మింగిన మూడు వారాలకల్లా కొత్త బద్దెపురుగు ముక్కలు వదలడం మొదలుపెడుతుంది. మూడు వారాలకు గింజలు తిరిగి వచ్చాయంటే ఇంట్లో ఫ్లీలు ఉన్నట్టే లెక్క.

రుజువు చూసుకోవడం తేలిక. సన్నపళ్ల దువ్వెనతో పిల్లి నడుము మీద, తోక మొదట్లో దువ్వి, రాలిన నల్లటి పొడిని తడిపిన తెల్లటి దూది మీద వేయండి. చుట్టూ ఎర్రటి మరక విచ్చుకుంటే అది ఫ్లీల మలం, జీర్ణమైన రక్తం. అప్పుడు ఇంట్లోని పిల్లులు, కుక్కలు అన్నిటికీ ఒకేసారి ఫ్లీ మందు వేయాలి. పడుకునే గుడ్డలు వేడినీళ్లతో ఉతకాలి, మూలలు, మంచాల కింద ఊడ్చాలి. గూళ్లలో దాగిన ఫ్లీలు తర్వాత కూడా బయటికి వస్తుంటాయి కాబట్టి ఈ పనిని కనీసం మూడు నెలలు సాగించాలి. కుక్క మెడ మీద పోసే ఫ్లీ మందును మాత్రం పిల్లికి వాడకూడదు. వాటిలో కొన్నిటిలో ఉండే పెర్మెత్రిన్ పిల్లికి ప్రాణాంతకం.

ఫ్లీలు ఏమాత్రం లేకుండా బద్దెపురుగు వస్తే ఎలుకల్ని అనుమానించాలి. టీనియా అనే మరో రకం ఎలుక కాలేయంలో పెరుగుతుంది, ఆ ఎలుకను తిన్న పిల్లికి సోకుతుంది. వేటాడే పిల్లి ఎలుకను తినకుండా ఆపడం మన చేతిలో లేదు, మందు తేదీలు దగ్గర చేయడమే దారి.

ఇక ఆరు నెలలు దాటిన పిల్లికి ఏడాదికి ఎన్నిసార్లు? గుమ్మం దాటకుండా, ఎలుకలు పట్టకుండా ఫ్లాట్‌లో పెరిగే పిల్లికి ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలు, లేదా అన్నిసార్లు మల పరీక్ష చేయించి అవసరమైతేనే వేయవచ్చు. మన తల్లిపిల్లిలా బయట తిరిగేదానికి మూడు నెలలకోసారి, రెండు రకాల పురుగులకూ. బాగా వేటాడే పిల్లికి, లేదా ఇంట్లో పాకే పసిబిడ్డో రోగనిరోధక శక్తి తగ్గిన మనిషో ఉంటే, నెలకోసారి అవసరమా అన్నది డాక్టరుతో మాట్లాడుకోవాలి. మల పరీక్ష మీదే పూర్తిగా ఆధారపడటంలో ఒక ఇబ్బంది ఉంది. ఏలికపాము గుడ్లు పెట్టే వయసుకు రాకముందు పరీక్షలో ఏమీ కనిపించదు. బద్దెపురుగు ముక్కలు మలంలో సమంగా కలిసి ఉండవు కాబట్టి పరీక్ష తరచూ వాటిని పట్టుకోలేదు. తోక కింద కంటితో చూసిందే అక్కడ నమ్మదగిన ఆధారం.

పసిబిడ్డల మాట ఎందుకంటే, నేలలో ముదిరిన ఏలికపాము గుడ్డు మనిషి కడుపులోకి వెళ్తే, పిల్లపురుగు పెద్దది కాలేక కాలేయంలో, ఊపిరితిత్తుల్లో తిరుగుతుంది, అరుదుగా కంట్లో చేరి చూపును దెబ్బతీస్తుంది. ఇక్కడ పిల్లిని ఒళ్లో కూర్చోబెట్టుకోవడం కన్నా ఇంటి ముందు పోసిన ఇసుక కుప్పకే ఎక్కువ భయపడాలి. ఇల్లు కట్టేచోట ఇసుక కనిపిస్తే పిల్లులు అక్కడే మలవిసర్జన చేసి కప్పెడతాయి, పగలు పిల్లలు అందులోనే గుజ్జనగూళ్లు ఆడతారు. సాయంత్రం ఇసుక మీద పట్టా కప్పి అంచులకు ఇటుకలు పెట్టాలి. ఇంట్లో పిల్లికి పెట్టిన మట్టి డబ్బాను రోజూ శుభ్రం చేయాలి. గుడ్డు ముదరడానికి రెండు వారాలైనా కావాలి కాబట్టి, ఏ రోజు మలం ఆ రోజు తీసేస్తే అది ప్రమాదకరంగా మారే వ్యవధే దొరకదు.

కూనలను తొమ్మిదో వారంలో ఎవరికైనా ఇచ్చేస్తుంటే, అప్పటిదాకా మందు వేసిన తేదీలు, ఆ రోజుల బరువులు, మందు పేరు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. అవి లేక కొత్త ఇంటివాళ్లు ఒక్కోసారి మూడు రోజుల్లోనే రెండో మోతాదు వేసేస్తారు, ఒక్కోసారి అంతా అయిపోయిందనుకుని నెలనెలా వేయాల్సింది మానేస్తారు.